కొత్త రింగు సంగతి కార్డులోనే ఉంది

1983 మే 5న మయామి నుంచి నసావుకు 172 మందితో బయల్దేరిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 855 విమానంలో మూడు ఇంజిన్ల నుంచీ ఆయిల్ కారిపోయింది. పైలట్లు ముందు ఒక ఇంజిన్‌ను ఆపి విమానాన్ని వెనక్కి తిప్పారు. దారిలో మిగతా రెండూ ఆగిపోయాయి. సముద్రంలో దిగాల్సి వస్తుందని ప్రయాణికులను సిద్ధం చేస్తుండగా, మొదట ఆపిన ఇంజిన్ మళ్లీ అందుకుంది. దానితోనే మయామిలో దిగారు. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు.

ఆయిల్ కారడానికి కారణం చిప్ డిటెక్టర్. ఇంజిన్ లోపల భాగాలు అరిగితే ఆయిల్‌లో కలిసే లోహపు రజనును పట్టుకునే అయస్కాంతపు ప్లగ్గు ఇది. దీని చుట్టూ ఓ-రింగు అనే రబ్బరు వలయాలు లేకపోతే ఆయిల్ ఆగదు. ఆ రాత్రి మెకానిక్‌లు గోదాము నుంచి తెచ్చిన డిటెక్టర్లకు రింగులు లేవు. అవి ఉండే ఉంటాయనుకుని అమర్చారు. కొత్త ఓ-రింగులతో అమర్చాలని కార్డులో స్పష్టంగా ఉంది. పని పూర్తయినట్టు దాని మీద సంతకం కూడా పడింది.

విమానాల మరమ్మతులో ఏ పని ఎలా చేయాలో అంచెలంచెలుగా చెప్పే ఈ కాగితాన్నే టాస్క్ కార్డు అంటారు. ప్రతి అంచె దగ్గరా చేసినవారి సంతకం ఉంటుంది. శంషాబాద్ హ్యాంగర్లలోనూ కార్డు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. తెలుగువాళ్ల మధ్య దాని వివరణ మాత్రం తెలుగులో సాగుతుంది. ఆ వివరణను కాగితం మీద పెట్టాలంటే ఏం చేయాలో ఓ-రింగు వాక్యంతోనే చూద్దాం.

చేయి తిరిగిన అనువాదకుడికి కూడా ముందుగా తోచేది ‘కొత్త ఓ-రింగులతో చిప్ డిటెక్టర్‌ను బిగించండి’ అన్న వాక్యమే. చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ పనికిరాదు. తెలుగులో ‘బిగించు’ అంటే ఒక వస్తువును దాని చోట పెట్టడమూ అవుతుంది, నట్టును గట్టిగా తిప్పడమూ అవుతుంది. కార్డులో ఈ రెండూ వేర్వేరు పనులు. రెండోదానికి కొలిచిన బలం ఉంటుంది, అది మరో అంచెలో వస్తుంది. అందుకే మొదటిదానికి ‘అమర్చండి’, రెండోదానికి ‘బిగించండి’ అని ముందే తేల్చుకుని, కార్డు చివరిదాకా వాటినే వాడాలి. అందం కోసం మాట మార్చకూడదు. విమానాల మాన్యువళ్ల కోసం 1980లలో యూరప్‌లో రూపొందిన నియంత్రిత ఇంగ్లిష్ కూడా ఇలాగే నడుస్తుంది. అందులో ఒక మాటకు ఒకే అర్థం, పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. రింగును తొడగడం ఒక అంచె, డిటెక్టర్‌ను అమర్చడం మరో అంచెగా విడదీస్తే మెకానిక్‌కు రింగు తప్పక కనబడుతుంది. ఆలోచన మంచిదే, కానీ అలా విడదీసే అధికారం అనువాదకుడికి లేదు. అంచెల సంఖ్య మారితే సంతకాల లెక్క మారుతుంది. ఇంజినీరింగ్ విభాగానికి ప్రశ్న రాసి, మూల కార్డునే మార్పించాలి.

చట్టం తప్పనిసరి చేసిన మరమ్మతుల్లో పట్టు మరీ గట్టిది. 2008 ఏప్రిల్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఎండీ-80 విమానాల్లో వైర్ల కట్ట అమరిక ఆదేశానికి అక్షరాలా సరిపోలేదని తనిఖీలో తేలి, 3,000కు పైగా ఫ్లైట్లు రద్దయ్యాయి. బోయింగ్ సర్వీస్ బులెటిన్లలో రెండు పదబంధాలు కనిపిస్తాయి. ఒకటి ‘రిఫర్ టు’. అది ఉన్నచోట, సంస్థకు ఆమోదం పొందిన మరో పద్ధతి ఉంటే దాన్ని వాడవచ్చు. రెండోది ‘ఇన్ అకార్డెన్స్ విత్’. అది ఉన్నచోట పత్రంలోని పద్ధతి తప్ప వేరే దారి లేదు. తెలుగులో రెంటినీ ‘ప్రకారం’ అని రాస్తే ఉన్న వెసులుబాటు పోతుంది. రెంటినీ ‘చూడండి’ అంటే లేని వెసులుబాటు పుట్టుకొస్తుంది. మొదటిదానికి ‘చూడండి’, రెండోదానికి ‘ప్రకారమే చేయాలి’ అని రాయాలి. ఆ ‘ఏ’కారం ఇక్కడ అలంకారం కాదు, నిబంధన.

ఇంత కష్టానికి ఫలితం ఉంటుందా? ఉంటుంది. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ కోసం 2005లో బఫలో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇచ్చిన నివేదిక, కార్డును మెకానిక్‌ల సొంత భాషలో ఇవ్వడం వల్ల మేలు జరుగుతుందని చూపింది. అయితే పద్ధతి తప్పకూడదు. ఇంగ్లిష్ వాక్యం కిందే తెలుగు వాక్యం ఉండాలి. అంచెల నంబర్లు, విడిభాగాల నంబర్లు, కొలతలు ఉన్నవి ఉన్నట్టే దిగాలి. మూలం చూడని మరొకరు తెలుగును తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చాలి. ఆ రెంటినీ లైసెన్సు ఉన్న ఇంజినీర్ పక్కపక్కన పెట్టి చూడాలి. కార్డు కొత్త రివిజన్ వచ్చిన రోజున పాత తెలుగు ప్రతిని హ్యాంగర్ నుంచి తీసేయాలి.

తెలుగు వాక్యం ఒకటి, ఇంగ్లిష్ వాక్యం ఒకటి చెబుతున్నట్టు అనిపిస్తే పని ఆపి అడగండి. మీ సంతకం పడేది ఇంగ్లిష్ కార్డు మీదే.