కొన కత్తిరించాలా, నడుమ కోయాలా?

ఎక్సెల్‌లో VLOOKUP ఫార్ములా మీద ఒక మాస్టారు ఆన్‌లైన్ క్లాసు చెప్పారనుకుందాం. మార్కుల జాబితాలో రోల్ నంబరు కొడితే విద్యార్థి పేరు, మార్కులు వాటంతటవే రావాలి, అదీ పాఠం. ఓబీఎస్‌తో స్క్రీన్ అంతా రికార్డు చేశారు. ఫైలు 47 నిమిషాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు పనికొచ్చేది అందులో పది నిమిషాలకు మించదు. మిగతాదంతా హాజరు పిలవడం, "సార్, వినబడట్లేదు", ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో వెతుకులాట.

ఆ పది నిమిషాలను బయటికి తీయడానికి ఎడిటింగ్ యాప్‌లో రెండు పనిముట్లు కనిపిస్తాయి, ట్రిమ్, స్ప్లిట్. చెరుకు గడ కొనలు చెక్కేయడం ట్రిమ్ అయితే, గడను కణుపు దగ్గర రెండు చేయడం స్ప్లిట్. ట్రిమ్‌తో క్లిప్ మొదలో చివరో లోపలికి జరుగుతుంది. స్ప్లిట్‌తో ఏమీ తగ్గదు, ఒక క్లిప్ రెండవుతుంది, అంతే. తీసేయడం తర్వాత విడిగా చేయాల్సిన పని. స్ప్లిట్ నొక్కాక "ఏం మారలేదే!" అని మళ్లీ మళ్లీ నొక్కి, టైమ్‌లైన్‌ను తునకలు చేసుకునేవాళ్లు చాలామంది.

ఏది వాడాలన్నది ఒక్క ప్రశ్నతో తేలుతుంది. వద్దనుకున్నది అంచున ఉందా, నడుమ ఉందా? కావలసింది ఒకే ముక్క, అదీ ఏకధాటిగా ఉంటే ట్రిమ్ చాలు. ఫోన్ గ్యాలరీలో ఉండే కత్తిరింపు కూడా ఆ పని చేసిపెడుతుంది. కాకపోతే కాపీగా సేవ్ చేస్తోందా, అసలు ఫైలు మీదే రాస్తోందా అన్నది ముందు చూసుకోవాలి. అసలు మీదే రాస్తే రెండో ముక్క తీయడానికి ఇక ఏమీ మిగలదు.

మన మాస్టారి రికార్డింగ్‌లో మంచి ముక్కలు మూడు. 8:20 నుంచి 11:05 దాకా సమస్య ఏమిటో చెప్పారు. 19:40 నుంచి 26:10 దాకా ఫార్ములా రాశారు. 41:00 నుంచి 42:30 దాకా ఫలితం సరిచూశారు. రెండో ముక్క మధ్యలో ఫోన్ మోగింది. 21:15 నుంచి 22:00 దాకా ఆ మాటలే. ఇది ట్రిమ్‌తో తెమిలే పని కాదు. షాట్‌కట్ లాంటి ఉచిత ఎడిటర్‌లో ఈ ఫైలును టైమ్‌లైన్ మీద పరిచి, పై ఆరు సమయాల దగ్గరా S నొక్కితే ఏడు ముక్కలవుతాయి. ఫోన్‌కు ముందూ వెనకా మరో రెండు కోతలు పెడితే తొమ్మిది. వాటిలో అయిదు తీసేస్తే మిగిలే నాలుగూ కలిపి సరిగ్గా పది నిమిషాలు.

ఇక్కడ ఒక వరుస పాటించాలి. కోతలన్నీ పెట్టేశాకే తొలగింపు మొదలుపెట్టాలి. మొదటి ఎనిమిది నిమిషాలు ముందే తీసేస్తే వెనకున్నదంతా ముందుకు జరిగి, కాగితం మీద రాసుకున్న 19:40 ఎక్కడుందో మళ్లీ వెతుక్కోవాలి. తీసేయడంలోనూ రెండు రకాలున్నాయి. షాట్‌కట్‌లో X నొక్కితే ముక్క పోయి ఖాళీ కూడా పూడుతుంది. Z నొక్కితే ముక్క పోతుంది కానీ ఖాళీ అలాగే ఉంటుంది, చూసేవాళ్లకు తెర నల్లబడుతుంది. అదే ఖాళీ ట్రిమ్ చేసినప్పుడూ రావచ్చు. రిపుల్ అనే బటన్ వేసి ఉంటేనే పక్క క్లిప్ దగ్గరికి జరుగుతుంది.

ఈ మోటు పని అయ్యాక ట్రిమ్ వంతు. ప్రతి ముక్క అంచునూ లాగుతూ, సందు చూసి సర్దాలి. టైమ్‌లైన్ ఉన్న ఎడిటర్లలో కత్తిరించింది నిజంగా పోదు. అసలు ఫైలు డిస్కులో చెక్కుచెదరకుండా ఉంటుంది, అంచు వెనక్కి లాగితే దాగినది మళ్లీ వస్తుంది. కాబట్టి స్ప్లిట్ దగ్గర ఫ్రేము ఫ్రేముకూ తర్జనభర్జన పడక్కర్లేదు, రెండు సెకన్లు అటూ ఇటూ అయినా ట్రిమ్‌లో సరిపోతుంది.

స్క్రీన్ రికార్డింగ్‌లో అసలు చిక్కు అతుకు దగ్గరే. మనిషి మాట్లాడే వీడియోలో అతుకు పడితే తల కాస్త కదిలినట్టుంటుంది, ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ మాత్రం ఎడమ మూలనున్న మౌస్ బాణం హఠాత్తుగా కుడి మూలకు దూకుతుంది. ఖాళీగా ఉన్న గడిలో సగం ఫార్ములా పుట్టుకొస్తుంది. నేర్చుకునేవాడు "నేనేదో మిస్సయ్యాను" అని వెనక్కి తిప్పుకుంటాడు. ఫోన్ మోగే ముందు B2 గడి ఎంచి ఉండి, ఫోన్ అయ్యాక కూడా అదే గడి, అదే స్క్రోల్ ఉంటే అతుకు కనబడదు. లేకపోతే రెండు అంచుల్నీ ట్రిమ్‌తో జరుపుతూ, బాణం కదలకుండా నిలిచిన చోటో, కొత్త షీటు తెరుచుకునే క్షణమో పట్టుకోవాలి. తెర ఎలాగూ మారే చోట పడిన కోత దొరకదు. టాస్క్‌బార్‌లోని గడియారం మాత్రం పట్టిచ్చేస్తుంది. అది కనపడకూడదనుకుంటే రికార్డింగ్‌కు ముందే దాచుకోవడం మేలు.

మాటకూ అంతే. తెలుగులో వద్దనే సంగతి క్రియ చివర్లో ఉంటుంది. "ఇప్పుడే సేవ్ చేయొద్దు" అన్న వాక్యం తోక అర సెకను తెగితే హెచ్చరిక కాస్తా ఎగిరిపోతుంది. అందుకే ముక్క చివర ట్రిమ్ చేసేటప్పుడు ధ్వని గీత పూర్తిగా చదునయ్యాక మరో అయిదారు ఫ్రేములు వదలాలి. సెకనుకు 30 ఫ్రేముల రికార్డింగ్‌లో అది సెకనులో అయిదో వంతు.

నడుమ ఉన్నదల్లా తీసేయాల్సిందేనా? 23:10 దగ్గర ఫార్ములా #N/A చూపించింది. రోల్ నంబరు చివర కంటికి కనబడని ఖాళీ ఒకటి ఉండిపోయింది. మాస్టారు అది కనిపెట్టేసరికి 24:30 అయింది. నేనైతే ఆ ఎనభై సెకన్లను వదులుకోను, ఇంట్లో చేసేవాళ్లకు రేపు ఎదురయ్యేది ఆ తప్పే. అయితే అందులో ముప్పై సెకన్లు ఉత్త స్క్రోలింగ్ అనుకుందాం. వాటికి ముందూ వెనకా స్ప్లిట్ చేసి, ఆ ముక్కను మాత్రం నాలుగింతల వేగంతో నడిపిస్తే ఏడున్నర సెకన్లకు దిగుతుంది. వేగం మొత్తం క్లిప్‌కు వర్తిస్తుంది కాబట్టి ఇలాంటి చోట స్ప్లిట్ తప్పదు. జూమ్ చేయాలన్నా, విద్యార్థుల ఫోన్ నంబర్లున్న వరుసను మసకబరచాలన్నా ఇదే పద్ధతి.

మసక దగ్గర ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. నంబర్లు కనిపించే ముక్కను విడదీసి మసక వేశాక, పక్క క్లిప్ అంచును ట్రిమ్‌తో కాస్త బయటికి లాగారనుకోండి. మసక లేని పాత ఫ్రేములు ఆ అంచున తిరిగొస్తాయి. మామూలు వేగంలో మన కంటికి ఆనకపోవచ్చు. యూట్యూబ్‌లో వీడియో ఆపి, కీబోర్డు మీద చుక్క నొక్కుతూ ఫ్రేము ఫ్రేము చూసేవాడికి నంబరు దొరుకుతుంది. కనుక అంచుల సర్దుబాటంతా అయ్యాకే మసక వేయాలి, ఎగుమతి చేసిన ఫైల్లో ఆ రెండు అతుకుల్నీ ఒక్కో ఫ్రేమూ జరిపి చూడాలి.

ఎడిటర్ జోలికి పోకుండా, లాస్‌లెస్‌కట్ లాంటి యాప్‌తో చిటికెలో ముక్కలు తీసేవాళ్లూ ఉన్నారు. వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయదు కాబట్టి నాణ్యత తగ్గదు, కాలమూ పట్టదు. కానీ 8:20 దగ్గర కోయమంటే ముక్క 8:14కే మొదలుకావచ్చు, లేదా మాట వినబడుతుంటే బొమ్మ కాసేపు బిగుసుకుపోవచ్చు. వీడియో ఫైల్లో పూర్తి బొమ్మలు అక్కడక్కడే ఉంటాయి. వాటిని కీఫ్రేములంటారు. మధ్యలో ఉండేవి మారిన భాగాలే. కొత్త ముక్క కీఫ్రేము దగ్గరే మొదలవగలదు. x264 ఎన్‌కోడర్ సొంత లెక్క ప్రకారం రెండు కీఫ్రేముల మధ్య 250 ఫ్రేముల దాకా ఉండవచ్చు, అంటే 30 ఫ్రేముల రికార్డింగ్‌లో ఎనిమిది సెకన్లకు పైనే. ఓబీఎస్ అవుట్‌పుట్ సెట్టింగుల్లో కీఫ్రేము ఎడం 0 అని, అంటే ఆటో అని, ఉంటే దాన్ని రికార్డింగ్‌కు ముందే 1 లేదా 2 సెకన్లకు మార్చుకోవచ్చు. ఫైలు కొంచెం పెరుగుతుంది, కోత మాత్రం అడిగిన చోటికి సెకనో రెండో తేడాలో పడుతుంది. అప్పటికే రికార్డు అయిపోయిన ఫైలైతే ముందువైపు పది సెకన్లు ఎక్కువే ఉంచి కోసుకుని, ఆ అంచును మామూలు ఎడిటర్‌లో ట్రిమ్ చేసుకోవాలి.