క్లిప్ ఒక్కటే చాలదు, మిన్ కూడా ఉండాలి

మామూలు పాలసీ గ్రేడియెంట్‌లో డేటా దుబారా ఎక్కువ. కష్టపడి సేకరించిన అనుభవంతో ఒక్క అడుగు వేయగానే పాలసీ మారిపోతుంది, ఆ డేటా పాతబడుతుంది. పోనీ దాంతోనే పదిసార్లు శిక్షణ ఇద్దామంటే, పాలసీ అదుపు తప్పి అప్పటిదాకా నేర్చుకున్నది కూడా పాడవుతుంది. 2015లో వచ్చిన టీఆర్‌పీవో పద్ధతి పాత, కొత్త పాలసీల మధ్య దూరానికి హద్దు పెట్టింది. కానీ దాని లెక్క బరువైనది. 2017లో ఓపెన్‌ఏఐలో జాన్ షుల్మన్ బృందం అదే పనిని తేలిక లెక్కతో చేయబోయింది. అదే పీపీవో.

```
r = π_new(a|s) / π_old(a|s)
L = min( r·A, clip(r, 1-ε, 1+ε)·A )
```

ఇందులో `A` అంటే అడ్వాంటేజ్. శిక్షణలో ఈ `L` సగటును పెంచుతూ పోతారు. `ε` సాధారణంగా 0.2, అంటే నిష్పత్తికి హద్దులు 0.8, 1.2.

ఒక చర్యకు పాత పాలసీ 0.25 సంభావ్యత ఇచ్చిందనుకుందాం. అది మంచి చర్యే, `A` విలువ +2. శిక్షణ మొదలైనప్పుడు `r` సరిగ్గా 1 కాబట్టి క్లిప్‌కు పని లేదు, అది మామూలు పాలసీ గ్రేడియెంటే. కొన్ని అడుగుల తర్వాత సంభావ్యత 0.40కి చేరితే `r` 1.6 అవుతుంది. క్లిప్ లేకపోతే విలువ 3.2, క్లిప్ చేస్తే 2.4. మిన్ 2.4నే తీసుకుంటుంది. అక్కడ గ్రేడియెంట్ సున్నా. ఈ చర్యను ఇంకా పెంచినా లాభం లేదు.

ఇప్పుడు అదే చర్య చెడ్డదనుకుందాం, `A` విలువ -2. అయినా దాని సంభావ్యత 0.40కి పెరిగింది. క్లిప్ లేకుండా -3.2, క్లిప్‌తో -2.4. ఈసారి మిన్ క్లిప్ లేని -3.2ను ఎంచుకుంటుంది. గ్రేడియెంట్ సజీవంగా ఉండి, ఆ చర్యను వెనక్కి లాగుతుంది. క్లిప్ ఒక్కటే ఉండి ఉంటే ఇక్కడా గ్రేడియెంట్ సున్నా అయ్యేది, తప్పు దిద్దుకునే దారి మూసుకుపోయేది. మేలు చేసే దిశలో మరీ ముందుకు పోతే ఆపడం, తప్పు దిశలో పోతే వెనక్కి తేవడం మిన్ పని.

అయితే ఇది గట్టి గోడ కాదు. గ్రేడియెంట్ ఆగినంత మాత్రాన నిష్పత్తి ఆగదు. నెట్‌వర్క్ బరువులు అన్ని స్థితులకూ ఉమ్మడివి కనుక వేరే నమూనాల కోసం చేసిన మార్పు దీన్నీ హద్దు దాటించగలదు. అందుకే శిక్షణలో కేఎల్ దూరాన్నీ, హద్దు దాటిన నమూనాల శాతాన్నీ గమనిస్తారు. కేఎల్ ఒక్కసారిగా పెరిగితే ఆ డేటాతో శిక్షణను అక్కడే ఆపి, కొత్త డేటా సేకరించాలి. అది పదేపదే జరుగుతుంటే లెర్నింగ్ రేటునో, ఒకే డేటాపై తిరిగే విడతలనో తగ్గించి చూడండి.