మీ ఇల్లు ఏ సెక్షన్ కింద ఉంది?

హైదరాబాద్‌లో కరెంటు ఆఫీసుకు, జలమండలి ఆఫీసుకు ఫిర్యాదు పట్టుకుని వెళ్లిన చాలామందికి మొదట వినిపించే మాట ఒకటే: "ఇది మా సెక్షన్‌లోకి రాదండీ." ఇంటికి దగ్గర్లో ఉన్న ఆఫీసే మన ఆఫీసు అనుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. ఇల్లు ఏ సెక్షన్‌కు చెందుతుందో దూరాన్ని బట్టి తేలదు. ఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీగ వస్తోంది, ఏ రిజర్వాయర్ నుంచి పైపు వస్తోంది అన్నదాన్ని బట్టి తేలుతుంది. పిన్‌కోడ్, మున్సిపల్ వార్డు, పోలీస్ స్టేషన్ పరిధి ఈ లెక్కలోకి రావు.

కరెంటు సంగతి ముందు చూద్దాం. సబ్‌స్టేషన్‌కు 33 కేవీ లైను వస్తుంది. అక్కడి నుంచి 11 కేవీ ఫీడర్లు కాలనీలకు బయలుదేరతాయి. ఫీడర్ మీద అక్కడక్కడా ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, వాటి నుంచి ఇళ్లకు సర్వీసు వైర్లు వస్తాయి. కొన్ని ఫీడర్లను, వాటి మీది ట్రాన్స్‌ఫార్మర్లను కలిపి ఒక అసిస్టెంట్ ఇంజనీరుకు అప్పగిస్తారు. ఆ పరిధే సెక్షన్. సెక్షన్ పైన సబ్‌డివిజన్, దాని పైన డివిజన్, ఆ పైన సర్కిల్ ఉంటాయి. సెక్షన్ల మధ్య గీత ఒక వీధి మధ్యలోంచి కూడా పోవచ్చు. ఎదురింట్లో లైటు వెలుగుతూ మనింట్లో చీకటి ఉందంటే, ఆ రెండిళ్ల ఫీడర్లు వేరే కావచ్చు, సెక్షన్లూ వేరే కావచ్చు.

దీన్ని తేల్చుకోవడానికి నమ్మదగిన ఆధారం కరెంటు బిల్లు. మీటరు రీడర్ చేతి మెషీన్లోంచి తీసిచ్చే ఆ పొడవాటి కాగితం పైభాగంలో రెండు పేర్లు చూడండి. ఒకటి ఈఆర్‌ఓ, రెండోది సెక్షన్. ఈఆర్‌ఓ అంటే రెవెన్యూ ఆఫీసు. బిల్లు ఎక్కువ వచ్చినా, పేరు మార్చాలన్నా, కట్టిన డబ్బు ఖాతాలో పడకపోయినా అక్కడికి వెళ్లాలి. తీగ తెగినా, ఫ్యూజు పోయినా, ఓల్టేజీ తగ్గినా సెక్షన్ ఆఫీసు పని. ఈ రెంటినీ కలగలిపేసి లైను సమస్యతో ఈఆర్‌ఓ కిటికీ ముందు నిలబడేవారు చాలామంది.

బిల్లు మీద సర్వీసు నంబరుతో పాటు యూనిక్ సర్వీస్ నంబరు ఉంటుంది. ఫిర్యాదులో ఇదే కీలకం. 1912కు ఫోన్ చేసి ఈ నంబరు చెబితే ఆ ఇంటి వివరాలు, సెక్షన్ వాళ్ల కంప్యూటర్లో కనిపిస్తాయి. మీ నోటి చిరునామా కంటే ఆ నంబరే నమ్మకం. ఇంటి నంబర్లు మారినా, కాలనీ పేర్లు రెండు మూడు చోట్ల ఒకేలా ఉన్నా, నంబరు ఒక్క సర్వీసునే చూపిస్తుంది.

నీళ్ల లెక్క ఇంకో తీరు. హైదరాబాద్‌లో తాగునీరు, మురుగునీటి లైన్లు 1989లో ఏర్పడిన జలమండలి చూస్తుంది. రిజర్వాయర్లను, వాటి నుంచి వచ్చే పైపులైన్లను బట్టి దానికీ డివిజన్లు, సెక్షన్లు ఉన్నాయి. సెక్షన్‌కు మేనేజర్ ఉంటారు. ఈ సెక్షన్లకు, కరెంటు సెక్షన్లకు సంబంధం లేదు. ఒకే ఇంటికి కరెంటు సెక్షన్ ఒక పేరుతో, నీళ్ల సెక్షన్ మరో పేరుతో ఉండటం మామూలే. ఇక్కడ పట్టుకోవాల్సింది క్యాన్ నంబరు, అంటే కస్టమర్ అకౌంట్ నంబరు. నీళ్ల బిల్లు మీద తొమ్మిది అంకెల్లో ఉంటుంది. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం కోసం ఆధార్ అనుసంధానం చేసుకున్నప్పుడు చాలా ఇళ్లవాళ్లు వాడిన నంబరు ఇదే. 155313కు ఫోన్ చేసినప్పుడు దీన్ని చెప్పి, తమ సెక్షన్ ఏదో అడిగి రాసుకోవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో కొత్తగా అద్దెకు దిగిన కుటుంబం ఉంది. వారం రోజులుగా నల్లా నీళ్లు వాసన వస్తున్నాయి, అదే రాత్రి కరెంటు కూడా పోయింది. చేతిలో ఏ బిల్లూ లేదు. కరెంటుకు ముందు చూడాల్సింది ఎంతమేర పోయిందన్నది. పక్క ఫ్లాట్‌లో వెలుగు ఉంటే లోపం తమ సర్వీసులోనో, తమ ఇంటి వైరింగులోనో ఉంది. భవనమంతా పోతే ఏ ఫ్లాటు నంబరు చెప్పినా సరిపోతుంది, సాధారణంగా అందరిదీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్, ఒకే సెక్షన్. కాబట్టి ఎదురింటి బిల్లు అడగకుండా, అదే మెట్ల మీది పక్క ఫ్లాటు బిల్లు అడగాలి. వీలైతే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద రాసిన నంబరు కూడా దూరం నుంచే చూసి చెబితే లైన్‌మన్ నేరుగా అక్కడికే వస్తాడు.

నీళ్ల దగ్గర మాత్రం ఫ్లాటుకో నంబరు ఉండకపోవచ్చు. చాలా అపార్ట్‌మెంట్లలో భవనం మొత్తానికి ఒకే క్యాన్ ఉంటుంది, బిల్లు అసోసియేషన్ దగ్గరో వాచ్‌మన్ దగ్గరో ఉంటుంది. వాసన ఫిర్యాదుకు ముందు ఒక పరీక్ష చేయాలి. నీళ్లు వదిలే వేళకు సంపులో పడే చోట సీసాతో పట్టి చూడండి. అక్కడ బాగుండి ట్యాంకు నుంచి వచ్చే నీళ్లే వాసనొస్తే జలమండలి చేసేదేమీ లేదు, సంపూ ట్యాంకూ కడిగించుకోవాలి. సంపులో పడే నీళ్లే వాసనొస్తుంటే ఆ సంగతి క్యాన్ నంబరుతో సహా చెప్పాలి.

ఫిర్యాదు చేశాక చాలామంది ఫోన్ పెట్టేస్తారు. పెట్టేముందు రెండు విషయాలు అడగండి: ఫిర్యాదు నంబరు ఎంత, ఏ సెక్షన్‌కు పంపారు? మీరు బిల్లు మీద చూసిన పేరూ వాళ్లు చెప్పిన పేరూ వేరైతే అక్కడే సరిచేయించాలి. లేకుంటే ఫిర్యాదు వేరే ఇంజనీరు ఖాతాలో పడుతుంది, తమ పరిధి కాదని మూసేస్తారు, మీ ఫోనుకు పరిష్కరించినట్టు సందేశం వస్తుంది. పాత బిల్లు చూసి మోసపోయే వీలూ ఉంది. కనెక్షన్లు పెరిగినప్పుడు సెక్షన్లను విడదీస్తారు. అందుకే ఈ నెల బిల్లే చూడాలి. వీధి దీపం వెలగకపోతే స్తంభం కరెంటు సంస్థది అయినా దీపం మున్సిపాలిటీదని గుర్తుంచుకోండి.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ వెతుకులాట పెట్టుకోవద్దు. తీగ తెగి కింద పడితే దాని దగ్గరికి ఎవరినీ రానివ్వకుండా, సెక్షన్ తెలియకపోయినా వెంటనే 1912కు ఫోన్ చేయాలి.

అన్నిచోట్లా పద్ధతి ఇదే కాదు. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటుకు 1912 నంబరే ఉన్నా, పట్టణాల్లో నీళ్లు మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగం చేతిలో ఉంటాయి. అక్కడ వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీని అడిగితే తమ ఇంటి నీళ్లు ఎవరు చూస్తారో తెలుస్తుంది.

ఈ రోజే మీ కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు రెండూ తీసి ఫోటో పెట్టుకోండి. రెండు నంబర్లూ, రెండు సెక్షన్ల పేర్లూ ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ కనిపించే చోట అతికించండి. ఇల్లు అద్దెకిచ్చేవారైతే తాళంచెవితో పాటు ఆ కాగితమూ ఇవ్వండి.