ఫ్రిజ్‌లో పెట్టిన నూడుల్స్ జిగటగా అయ్యాయి... కడిగి వేయించుకుంటే సరిపోతుందా?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ప్రశ్న మీద. గోనెగండ్ల నుంచి ఒక తమ్ముడు పంపించినాడు. ఎమ్మిగనూరులో చదువుకుంటూ, ఫ్రెండ్స్‌తో కలిసి రూమ్‌లో ఉంటాడంట. ఆయన రాసింది ఉన్నది ఉన్నట్టు చెప్తా, ఎందుకంటే అందులోనే మనకు కావాల్సిందంతా ఉంది.

"అన్నా, ఆదివారం రాత్రి 8 గంటలకు రెండు ప్యాకెట్లు హక్కా నూడుల్స్ ఉడకబెట్టినాం. సగం వేయించుకుని తిన్నాం. మిగతా సగం గిన్నెలోనే మూత పెట్టి స్టవ్ పక్కన ఉంచి, సినిమా అయిపోయినాక పదకొండున్నరకు ఫ్రిజ్‌లో పెట్టినాం. సోమవారం మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయింది. బుధవారం సాయంత్రం తీసి చూస్తే పైన జారుడుగా, బంకగా ఉంది. వాసన పెద్దగా లేదు. నీళ్లతో కడిగి, బాగా మంట మీద వేయిస్తే తినొచ్చా?"

జవాబు: వద్దు. పారేయండి. సరే, ఎందుకు వద్దు అనేది తెలియాలి కదా, లేకపోతే వచ్చే ఆదివారం మళ్లీ ఇదే ప్రశ్న వస్తుంది.

ముందు ఆ జిగట సంగతి చూద్దాం. నూడుల్స్ మీద వచ్చే జిగట రెండు రకాలు. ఒకటి అమాయకమైనది. నూడుల్స్ అయినా పాస్తా అయినా పిండితో చేసినవే. ఉడికేటప్పుడు ఆ పిండి కొంచెం నీళ్లలోకి దిగుతుంది, అందుకే ఆ నీళ్లు గంజిలాగా తెల్లగా అవుతాయి. వడకట్టినాక కూడా ఆ గంజి పలచగా పైన అంటుకునే ఉంటుంది. చల్లారితే గట్టిపడి, నూడుల్స్ ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా తయారవుతాయి. రాత్రి గంజి గిన్నెలో వదిలేస్తే పొద్దునకు పైన మీగడలా కడుతుంది చూడండి, అదే పని. మరుసటి రోజు తీసినప్పుడు కనిపించే బంక చాలాసార్లు ఇదే. చల్లనీళ్లలో వేసి చేత్తో రెండుసార్లు కదిపితే పోతుంది. కింద నూడుల్ గట్టిగా, నున్నగా దొరుకుతుంది.

రెండోది బ్యాక్టీరియా చేసే జిగట. కొన్ని రకాల బ్యాక్టీరియా ఆహారం మీద పెరిగేటప్పుడు తమ చుట్టూ ఒక బంక పొర కట్టుకుంటాయి. కోట్ల కొద్దీ పెరిగినప్పుడు ఆ పొర మన వేలికి తగులుతుంది. ఇది బెండకాయ కోసినప్పుడు వచ్చే జిగురులా ఉంటుంది. రెండు నూడుల్స్ పట్టుకుని లాగితే సన్నగా తీగ సాగుతుంది. కడిగినా మళ్లీ వేలికి జారుడు తగులుతూనే ఉంటుంది. డబ్బా అడుగున కొంచెం మబ్బుగా నీరు చేరుతుంది. నూడుల్ కూడా పట్టు పోయి మెత్తగా చితుకుతుంది. పులుపు వాసన రావచ్చు, రాకపోవచ్చు. ఫ్రిజ్ చలికి వాసన తక్కువగా తెలుస్తుంది, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇంకో మాట. కడిగి చూడటం అనేది ఏ జిగటో తెలుసుకోవడానికి మాత్రమే, అదీ మొదటి రోజు, రెండో రోజు డబ్బాకు. పాడైపోయిన వాటిని బాగుచేయడానికి కాదు. నాలుక మీద వేసుకుని రుచి చూసి తేల్చుకునే పని అస్సలు పెట్టుకోవద్దు.

మరి బాగా వేయిస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుంది కదా అంటారు. ఇక్కడే అసలు కథ ఉంది. పిండి పదార్థాల్లో, అంటే అన్నం, సేమ్యా, పాస్తా, నూడుల్స్‌లో మామూలుగా దొరికే ఒక బ్యాక్టీరియా ఉంది. పేరు బాసిల్లస్ సీరియస్. మట్టిలో ఉంటుంది, ధాన్యంతో పాటు వస్తుంది. దీనికి ఉన్న తెలివి ఏందంటే, కష్టం వచ్చినప్పుడు గట్టి విత్తనం లాంటి రూపంలోకి మారిపోతుంది. ఆ విత్తనాలు నీళ్లు మరిగినా చావవు. మనం ఉడికించినప్పుడు మిగతా బ్యాక్టీరియా పోయి, ఇవి మిగులుతాయి. గిన్నె గోరువెచ్చగా మారగానే మొలకెత్తి పెరగడం మొదలుపెడతాయి. పెరుగుతూ కొన్ని రకాలు ఒక విషాన్ని వదులుతాయి, దాని పేరు సెర్యులైడ్. ఈ విషానికి వాసన లేదు, రుచి లేదు. మనం పెనం మీద, కడాయిలో ఎంత వేయించినా అది చెడిపోదు. ప్రెషర్ కుక్కర్ వేడిని కూడా తట్టుకుంటుంది.

కాబట్టి ఆ రెండో రకం జిగట వచ్చిందంటే పాడైందని అర్థం. కానీ జిగట రాలేదంటే బాగుందని మాత్రం కాదు. బంక కట్టేవి వేరే బ్యాక్టీరియా కావచ్చు, విషం చేసేది వేరే కావచ్చు.

మీలో కొంతమంది యూట్యూబ్‌లో ఆ బెల్జియం కుర్రాడి కథ చూసి ఉంటారు. 20 ఏళ్ల విద్యార్థి. 2008లో జరిగింది. ఐదు రోజుల ముందు వండిన స్పగెట్టీ వంటింట్లో బయటే ఉండిపోయింది. మైక్రోవేవ్‌లో వేడి చేసుకుని తిన్నాడు. అరగంటకు తలనొప్పి, కడుపునొప్పి, తర్వాత వాంతులు. మందులేమీ వేసుకోలేదు, నీళ్లు తాగి పడుకున్నాడు. తెల్లారేసరికి చనిపోయి ఉన్నాడు. ఆ మిగిలిన స్పగెట్టీలో ఈ బాసిల్లస్ సీరియస్ చాలా ఎక్కువగా దొరికింది.

అది చూసి అందరూ ఏమంటారంటే, "వాడు బయట పెట్టినాడు, నేను ఫ్రిజ్‌లో పెట్టినా కదా." అందుకే నేను అదే దేశంలో 2003లో జరిగిన ఇంకో కేసు చెప్తా. మనకు ఇదే ఎక్కువ వర్తిస్తుంది. ఒక కుటుంబం శుక్రవారం పాస్తా సలాడ్ చేసుకుంది. శనివారం పిక్నిక్‌కు తీసుకెళ్లారు. మిగిలింది తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టారు. సోమవారం సాయంత్రం ఐదుగురు పిల్లలు తిన్నారు. ఐదుగురికీ జబ్బు చేసింది. 7 ఏళ్ల పాప చనిపోయింది, కాలేయం దెబ్బతింది. తర్వాత ఆ ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో కొలిచారు. 14 డిగ్రీలు. ఫ్రిజ్ అనేది ఉంది, పనిచేస్తోంది, లోపల లైటు కూడా వెలుగుతుండొచ్చు. కానీ 14 డిగ్రీల దగ్గర ఈ బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది.

ఇట్లాంటి మరణాలు చాలా అరుదు, భయపెట్టడానికి చెప్పట్లేదు. చాలామందికి వాంతులై ఒక రోజులో తగ్గిపోతుంది. కానీ మన ఊళ్లో ఫ్రిజ్ ఎన్ని డిగ్రీల్లో ఉందో మనలో ఎంతమంది చూసినారు చెప్పండి?

ఫ్రిజ్ లోపల 4, 5 డిగ్రీల లోపు ఉండాలి. చూడటం సులువు. ఫ్రిజ్‌లో పెట్టే చిన్న థర్మామీటర్ కొనుక్కోండి, ఒంటి జ్వరం చూసేది కాదు. ఒక గ్లాసు నీళ్లలో దాన్ని ముంచి మధ్య అరలో రాత్రంతా ఉంచండి. పొద్దున తలుపు తీయగానే చదవండి. ఎక్కువ చూపిస్తే లోపల ఉన్న నాబ్ తిప్పండి. చాలా ఫ్రిజ్‌లలో నంబర్ పెరిగితే చలి పెరుగుతుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే పైన ఫ్రీజర్‌లో మందంగా ఐస్ గడ్డ కట్టిందేమో చూడండి. గడ్డ పెరిగేకొద్దీ కింద చలి తగ్గుతుంది. డీఫ్రాస్ట్ బటన్ అందుకే ఉంది. గోడకు ఆనించి, ఎండ పడే చోట పెట్టిన ఫ్రిజ్ కూడా పాపం ఎంతని కష్టపడుతుంది. ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 దాటుతుంది కదా.

ఇప్పుడు తమ్ముడి గిన్నె దగ్గరకు మళ్లీ వద్దాం. ఆయన బుధవారం జిగట చూసి భయపడ్డాడు. నా లెక్కలో ఆ నూడుల్స్ ఆదివారం రాత్రే చేయి దాటిపోయినాయి. వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. ఎండాకాలంలో మన గదులు రాత్రిపూట కూడా అంత వేడిగా ఉంటాయి. వీళ్లు మూడున్నర గంటలు ఉంచినారు. అదీ లోతు గిన్నెలో, మూత పెట్టి. పైన చల్లగా తగిలినా మధ్యలో ముద్ద గోరువెచ్చగానే ఉంటుంది, ఫ్రిజ్‌లో పెట్టినాక కూడా చాలాసేపు. సోమవారం కరెంటు మూడు గంటలు పోయింది. దాని గురించి మాత్రం నేను అంత కంగారు పడను. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చలి పట్టి ఉంచుతుంది. కానీ రూమ్‌లో నలుగురు ఉంటే, చల్లనీళ్ల కోసం ఎవడో ఒకడు తీయకుండా ఉంటాడా?

సరిగ్గా చేయాలంటే ఎట్లా చేయాలి? ఉడకగానే వడకట్టి, రెండు ప్యాకెట్లకు ఒక చెంచా నూనె కలిపి, వెడల్పు పళ్లెంలో పలచగా పరచండి. ఫ్యాన్ కింద ఇరవై, ముప్పై నిమిషాలు. అడుగున చేయి పెడితే వేడి తగలకూడదు. తర్వాత శుభ్రమైన, తడి లేని డబ్బాలో రెండు అంగుళాల ఎత్తుకు మించకుండా సర్ది, మూత పెట్టండి. లోపలి అరలో వెనక్కి పెట్టండి, తలుపు అరలో వద్దు, అన్నింటికంటే వేడి చోటు అదే. నూనె అతుక్కోకుండా చూస్తుంది అంతే, పాడవకుండా ఆపదు. సినిమా ముందు ఈ పని చేసుంటే అరగంటలో అయిపోయేది.

ఎన్ని రోజులు? ఇంటర్నెట్‌లో 3 నుంచి 5 రోజులు అని కనిపిస్తుంది. అది అమెరికా వాళ్లు ఇచ్చే లెక్క, త్వరగా చల్లార్చి 4 డిగ్రీల్లో పెట్టినప్పుడు. మనకు కరెంటు పోయి వస్తుంటుంది, తలుపు తీసి వేస్తుంటాం. నా మాట అయితే రెండు రోజులు. థర్మామీటర్ పెట్టి 4 చూసినవాళ్లకు మూడు. గుడ్డు, చికెన్ కలిపి వేయించినవి అయితే మరుసటి రోజే తినేయండి. డబ్బా మీద చిన్న టేపు అంటించి వండిన రోజు, టైమ్ రాయండి. రూమ్‌లో ఎవరికీ గుర్తుండదు.

తినేటప్పుడు కావలసినంత మాత్రమే తీసి, మధ్యలోంచి కూడా పొగలు వచ్చేదాకా వేడి చేయండి. వేడి చేసింది మళ్లీ ఫ్రిజ్‌లోకి పోకూడదు.

ఒకవేళ ఎవరైనా అప్పటికే తినేసి ఉంటే? ఈ విషంతో వచ్చే వాంతులు అరగంట నుంచి ఆరు గంటల్లోపు మొదలవుతాయి. ఒకటి రెండుసార్లయి తగ్గితే ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగుతూ ఉండొచ్చు. కానీ వాంతులు ఆగకపోయినా, మనిషి మత్తుగా పడుకున్నా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా, కళ్లు పచ్చబడినా తెల్లారేదాకా చూడొద్దు, 108కి ఫోన్ చేయండి. ఏం తిన్నారో, ఎప్పుడు వండిందో డాక్టర్‌కు చెప్పండి. ఆ రాత్రి పేషెంటును ఒంటరిగా పడుకోబెట్టొద్దు.

కామెంట్లలో ఇంకొకరు ఫ్రీజర్‌లో పెట్టొచ్చా అని అడిగినారు. పెట్టొచ్చు, ఒక పూటకు సరిపోయేంత చిన్న చిన్న ప్యాకెట్లు చేసి. బాగా గడ్డకట్టే ఫ్రీజర్ అయితే ఒక నెల బాగానే ఉంటాయి. నూడుల్ కొంచెం మెత్తబడుతుంది, అందుకే ఉడికించేటప్పుడే ఒక నిమిషం ముందు దించేయండి. తీసినాక బయట కరగనివ్వకుండా, గడ్డగా ఉన్నప్పుడే మరిగే నీళ్లలో వేసుకోండి.