నోటీసు బయటికి వెళ్లేముందు మూడుసార్లు చదవడం

రాసినవారికి తమ చిత్తుప్రతిలోని లోపాలు ఒక పట్టాన కనిపించవు. కాగితం మీద లేని సంగతిని కూడా వారి మనసు నింపేసుకుంటుంది. అందుకే సొంత రాతను సరిచూసుకునేవారు అన్నీ ఒకేసారి వెతక్కుండా, ఒక్కో లోపం కోసం ఒక్కోసారి చదవడం మేలు. మొదట కర్మణి ప్రయోగం, తర్వాత వాక్యాల పొడవు, చివర ఆఫీసు పరిభాష. ఈ వరసకు కారణం ఉంది. అది ఒక నమూనా మీద బాగా తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్న పట్టణపు మున్సిపల్ కార్యాలయంలో ఇలాంటి నోటీసు తయారైందనుకుందాం:

"పట్టణమునకు తాగునీరు సరఫరా చేయుచున్న ప్రధాన పైపులైను నందు లీకేజీ గుర్తించబడినందున, సదరు మరమ్మతు పనులు చేపట్టబడుచున్న కారణంగా ఈ నెల 12, 13 తేదీలలో ఓహెచ్‌ఎస్‌ఆర్ నింపుటకు వీలుపడనందున 4, 5, 6 వార్డులకు నీటి సరఫరా నిలుపుదల చేయబడునని, ఇండెంట్ మేరకు ట్యాంకర్ల ద్వారా నీరు పంపబడునని, కావున ప్రజలు సహకరించవలసినదిగా కోరడమైనది."

మొదటి చదువులో వెతకాల్సింది 'బడు'. కంప్యూటర్‌లో రాసినదైతే Ctrl+F నొక్కి 'బడ' అని కొడితే చాలావరకు దొరికిపోతాయి. 'బడి', 'పెట్టుబడి' లాంటివి కూడా వస్తాయి, వాటిని వదిలేయాలి. 'నిలబడు', 'వెనుకబడు', 'కనబడు' కూడా కర్మణి కాదు, అవి మామూలు తెలుగు క్రియలు. 'బడు' లేకుండా దాక్కునే కర్మణి మరొకటి ఉంది. 'కోరడమైనది', 'పంపడం జరిగింది' అన్నప్పుడూ పని చేసినవారు మాయమవుతారు. కాబట్టి 'డమైన', 'డం జరిగ' అని కూడా వెతకాలి.

పై నోటీసులో 'బడు' నాలుగుచోట్ల ఉంది. ప్రతిచోటా ఒకటే ప్రశ్న: ఎవరు? లీకేజీని ఎవరు గుర్తించారన్నది ఊరివాళ్లకు అక్కర్లేదు, 'పైపు లీకవుతోంది' అంటే సరిపోతుంది. మరమ్మతు చేసేది మున్సిపల్ సిబ్బంది, ఆ మాట రాయవచ్చు. నీరు ఆపేదీ వాళ్లే అయినా, ఇంట్లో ఉన్నవారికి కావలసిన మాట 'కుళాయి నీళ్లు రావు' అనేదే. అసలు చిక్కు నాలుగోచోట ఉంది. ట్యాంకర్లు ఎవరు పంపుతారు, ఎన్ని గంటలకు, ఎక్కడికి? 'పంపబడును' అన్న క్రియ ఈ ప్రశ్నలన్నిటినీ కప్పేసింది. రాసిన ఉద్యోగికి జవాబు తెలియకపోయినా వాక్యం మాత్రం నిండుగా కనిపించింది. కర్మణిని ముందుగా చూడమనడానికి కారణం ఇదే. ఇది కేవలం శైలి దోషం కాదు, చాలాసార్లు తేలని విషయానికి గుర్తు. అలాంటిచోట కలం పక్కన పెట్టి, ఇంజినీరింగ్ విభాగాన్ని అడిగి తెలుసుకోవాలి.

కర్మణి తీసేయడమంటే ప్రతి వాక్యానికీ కర్తను అతికించడం కాదు. చేసినవారి పేరు అవసరం లేనప్పుడు తెలుగుకు తనవైన దారులున్నాయి. 'రోడ్డు వేశారు' అంటే చాలు, ఎవరన్నది చెప్పనక్కర్లేదు. 'తలుపుకు నోటీసు అంటించి ఉంది' అన్నా అంతే. 'తీగ తెగింది' అన్నప్పుడు క్రియే కర్తను అడగదు. ఇంగ్లీషు ఉత్తర్వును మాటకు మాట తెలుగు చేసినప్పుడు ఈ దారులు మరుగున పడి, 'బడు' ఒక్కటే మిగులుతుంది.

రెండో చదువు వాక్యాల పొడవు కోసం. పై నోటీసులో దాదాపు 40 మాటలు ఉన్నా వాక్యం ఒక్కటే, ముగింపు ఒక్కటే. తెలుగులో ప్రధాన క్రియ చివరికి గానీ రాదు. అది వచ్చేదాకా చదివేవారు ముందున్నవన్నీ మోసుకుంటూ రావాలి. 'అందున', 'కారణంగా', 'అని', 'కావున' కనిపించినచోటల్లా గీత గీస్తే వాక్యం ఎక్కడ విరగాలో తెలుస్తుంది. ఇక్కడ మూడు కారణాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ తర్వాత గానీ నీళ్లు రావన్న కబురు చెప్పలేదు. విరిచేటప్పుడు వరస కూడా మార్చాలి. ఏ రోజు, ఏ వీధులకు అన్నది ముందు, కారణం తర్వాత.

అలాగని పొడవైన ప్రతి వాక్యాన్నీ ముక్కలు చేయనక్కర్లేదు. 'సిబ్బంది గుంత తవ్వి, పాడైన ముక్క కోసి, కొత్త ముక్క బిగించి, నీళ్లు వదిలి చూస్తారు' అన్న వాక్యం పొడవైనదే, కానీ ఎక్కడా తట్టుకోదు. పనులన్నీ చేసేది ఒకరే, జరిగేదీ అదే వరసలో. మధ్యలో కర్త మారితేనే తికమక. నోటీసులో పైపు, మరమ్మతు, ట్యాంకు, నీరు, ప్రజలు ఒకరి తర్వాత ఒకరు కర్తలుగా వచ్చిపోయారు. మాటల లెక్క కన్నా కర్త ఎన్నిసార్లు మారిందో చూడడమే నమ్మదగిన పరీక్ష.

మూడో చదువే కష్టమైనది. 'ఓహెచ్‌ఎస్‌ఆర్' లాంటి పొడి అక్షరాలు ఎవరికైనా కనిపిస్తాయి, 'ఓవర్‌హెడ్ ట్యాంకు' అంటే సరి. మోసం చేసేవి అందరికీ తెలిసినట్టుండే మాటలు. 'ఇండెంట్ మేరకు' అంటే ముందుగా అడిగినవారికే ట్యాంకరు వస్తుందని ఆఫీసులో అర్థం. ఆ సంగతి తెలియని ఇల్లాలు బిందెలు పెట్టుకుని ఎదురుచూస్తుంది. '4వ వార్డు' అన్నది కార్యాలయానికి స్పష్టమే, కానీ చాలామందికి తమ వీధి పేరు తెలుసు గానీ వార్డు నంబరు తెలియదు. 'నిలుపుదల' అంటే చుక్క కూడా రాదా, సన్నగా వస్తుందా? రోజూ వాడే మాట కాబట్టి రాసినవారికి ఈ అనుమానమే రాదు. అందుకని ఆ శాఖతో సంబంధం లేనివారి చేత చదివించాలి. 'అర్థమైందా?' అని అడిగితే ఎవరైనా మొహమాటానికి అవుననే అంటారు. 'ఇది చదివాక రేపు మీరేం చేస్తారు?' అని అడగాలి. చదివించడానికి ఎవరూ లేకపోతే రాత్రి పక్కన పెట్టి పొద్దున చూసుకోవడం కొంతవరకు పనికొస్తుంది.

కొన్ని పారిభాషిక పదాలను తీసేయకూడదు. దరఖాస్తులో 'మ్యుటేషన్' అనే రాయవలసి ఉంటే, ఆ మాట ఉంచి, రికార్డుల్లో యజమాని పేరు మార్చడమని ఒక్కసారి వివరిస్తే చాలు.

అడగాల్సినవి అడిగి తెలుసుకున్నాక నోటీసు ఇలా మారుతుంది:

"ఈ నెల 12, 13 తేదీల్లో 4, 5, 6 వార్డులకు, అంటే పాత బస్టాండు నుంచి చెరువు గట్టు వరకు ఉన్న వీధులకు, కుళాయి నీళ్లు అసలు రావు. ప్రధాన పైపు లీకవుతోంది. మా సిబ్బంది బాగుచేసేవరకు ఓవర్‌హెడ్ ట్యాంకు నింపలేం. నీళ్ల ట్యాంకరు కావలసిన వీధివారు 11వ తేదీ సాయంత్రం 5 గంటల్లోగా వార్డు సచివాలయంలో పేరు రాయించండి. ట్యాంకరు మరునాడు ఉదయం 7 గంటలకు మీ వీధి మొదట్లో ఆగుతుంది."

'సహకరించవలసినదిగా' అన్న మాట పోయింది. జనం చేయవలసిన పని ఇప్పుడు నేరుగా ఉంది కాబట్టి దాని అవసరం లేదు. పంపేముందు మిగిలిన పని, కొత్త ప్రతిని పాతదాని పక్కన పెట్టి చూడడం. సులువుగా రాయాలన్న తొందరలో 'లీకవుతోంది' కాస్తా 'పగిలింది' అయిపోవచ్చు, ఒక తేదీ జారిపోవచ్చు, అడిగినవారికే వచ్చే ట్యాంకరు అందరికీ వస్తుందన్నట్టు మారిపోవచ్చు. అంకెలు, తేదీలు, షరతులు ఒక్కొక్కటిగా సరిపోల్చి, తేడా లేదని తేలాకే నోటీసు సంతకానికి వెళ్లాలి.