బోణీకి ముందు మూడు నిమిషాలు

గుమ్మడికాయ కొట్టారు, రిబ్బను కత్తిరించారు. కొత్త కొట్టు ముందు షామియానా కింద జనం నిలబడే ఉన్నారు. మజ్జిగ ఇంకా చేతికి రాలేదు. యజమాని మైకు అందుకున్నాడు. వాళ్లు ఓపికగా వినేది మూడు నిమిషాలు, రాసుకుంటే ఒక పేజీ.

ఆ కాస్త సమయమూ చాలాసార్లు వచ్చిన పెద్దల పేర్లు చదవడానికీ, ప్రారంభోత్సవ తగ్గింపు ధరలు చెప్పడానికీ సరిపోతుంది. పాత ఖాతాదారుల వంతుకు "మీ ఆదరణకు కృతజ్ఞతలు" అన్న ఒక్క ముక్క మిగులుతుంది. ఇరవై ఏళ్లుగా గుడ్డసంచీ పట్టుకుని వస్తున్న పెద్దావిడకు ఆ ముక్కలో తాను కనిపించదు.

తెనాలిలో ఒక కిరాణా కొట్టు ఉందనుకుందాం. రెండోది ఊరి చివర కొత్త కాలనీలో తెరుస్తున్నారు. ఆయన ఇలా మొదలుపెట్టవచ్చు:

"అమ్మా, అయ్యా, నమస్కారం. మొదట్లో మా కొట్లో రెండు బస్తాల బియ్యం, నాలుగు డబ్బాల పప్పులు ఉండేవి. మీరు అడిగిన సరుకు సగంసార్లు లేదనేవాణ్ణి. 'సాయంత్రానికి తెప్పించు, మళ్లీ వస్తాం' అనేవాళ్లు మీరు. వచ్చేవాళ్లు కూడా. 2020 లాక్‌డౌన్‌లో ముగ్గుతో గీసిన గళ్లలో నిలబడి, మీ వంతు వచ్చినా ముసలివాళ్లను ముందుకు పంపారు. అవి నాకు గుర్తున్నాయి."

ఇందులో పొగడ్త లేదు, వాళ్లు చేసిన పని ఉంది. విన్నవాళ్లు అందులో తమను గుర్తుపడతారు.

అయితే రెండో కొట్టు అనగానే పాతవాళ్ల మనసులో ఒక దిగులు మొదలవుతుంది. ఈయన ఇక అక్కడ కూర్చుంటాడా? ఖాతా నడుస్తుందా? కృతజ్ఞత చెప్పినంత సేపూ ఆ ప్రశ్న అలాగే ఉంటుంది. అందుకే తర్వాతి మాటలు అసలైనవి: "పాత కొట్టు ఎక్కడికీ పోదు. పొద్దున ఏడు నుంచి పన్నెండు దాకా గల్లా దగ్గర నేనే ఉంటాను. మీ ఖాతాలు అలాగే నడుస్తాయి. ఇక్కడ మా అబ్బాయి ఉంటాడు. తూకంలో తేడా వస్తే నాకే చెప్పండి." నిలబెట్టుకోగల వేళలే చెప్పాలి. మర్నాడు పొద్దున్నే చూసుకునేవాళ్లుంటారు.

ఒక్కచోట జాగ్రత్త అవసరం. "ఫలానా ఆయన ఒకటో తారీఖుకే బాకీ తీర్చేస్తారు" అని మైకులో మెచ్చుకుంటే, ఆలస్యంగా తీర్చేవాళ్లు తల దించుకుంటారు. ఆయన అరువు తెచ్చుకుంటాడని ఊరందరికీ తెలుస్తుంది. అరువు పుస్తకంలోది మైకులోకి రాకూడదు. పేరు చెప్పాలనిపిస్తే ముందురోజే ఇంటికెళ్లి అడగాలి.

ప్రసంగం అందిందో లేదో మజ్జిగ దగ్గర తెలిసిపోతుంది. "మరి పాత కొట్లో ఎవరుంటారయ్యా?" అని ఎవరైనా అడిగితే, చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉన్నట్టు.

అడగకపోతే ఇక బోణీయే. గుడ్డసంచీ పెద్దావిడను పిలిచి, పావుకిలో బెల్లం తన చేత్తోనే తూచి ఇస్తాడు.