‘లేదు’ తెగితే వార్త తలకిందులు!

మీకు తెలుసా? వెబ్ పరిశోధకుడు జాకబ్ నీల్సన్ ఓ తమాషా పరీక్ష పెట్టాడు. హెడ్డింగులో మొదటి 11 అక్షరాలే చూపించాడు. మిగతాది మూసేశాడు! లోపల ఏ సంగతి ఉందో చెప్పుకోండి చూద్దాం అన్నాడు. జాబితాను చకచకా చూసుకుంటూ పోయే కన్ను అందుకునేది దాదాపు అంతే మరి!

బీబీసీ వెబ్‌సైట్ హెడ్డింగులు ఏళ్ల తరబడి కురచగా ఉండటానికి కారణం పాత టీవీ! అవే హెడ్డింగులు సీఫాక్స్ అనే టీవీ వార్తల పేజీల్లోనూ పట్టాల్సి వచ్చేది. అక్కడ లైనుకు 40 అక్షరాలే!

మన తెలుగుకు ఇంకా ఇరుకు! ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరమే కదా? కంప్యూటర్ లెక్కలో 6! ఒత్తులు, గుణింతాలు, మధ్యలో దాక్కున్న పొల్లులు... అన్నిటినీ విడివిడిగా లెక్కేస్తుంది!

ఇప్పుడు అసలు గమ్మత్తు వినండి! ‘హైదరాబాద్‌లో రేపు నీటి సరఫరా నిలిపివేత లేదు’. తప్పేం లేదు కదా? ఫోన్‌లో నోటిఫికేషన్ వచ్చింది, చివర తెగింది. ‘హైదరాబాద్‌లో రేపు నీటి సరఫరా నిలిపివేత...’ అయిపోయింది! జనం బిందెలు పట్టుకుని కొళాయి దగ్గరికి పరుగు! తెగింది 1 మాటే. వార్త మాత్రం పూర్తిగా తిరగబడింది! తెలుగులో అవునో కాదో చెప్పే మాట వాక్యం చివర కూర్చుంటుంది. కత్తెర పడేదీ అక్కడే!

పైగా ‘హైదరాబాద్‌లో’ ఒక్కటే 12 తినేసింది! అందులో ఒకటి కంటికి కనిపించనే కనిపించదు. ‘ద్’, ‘లో’ కలిసిపోయి ఒత్తుగా మారకుండా అడ్డుపడే గుర్తు అది. నీల్సన్ పరీక్షలో పెడితే ఊరి పేరు దగ్గరే కథ కంచికి!

మరి మార్చి రాద్దామా? ‘నీళ్లు ఆగవు! రేపు హైదరాబాద్‌లో సరఫరా యథాతథం’. ‘నీళ్లు ఆగవు’ ఎంతో లెక్కపెట్టండి. మధ్యలో ఖాళీతో కలిపి సరిగ్గా 11! ఆ తర్వాత ఎక్కడ తెగినా భయం లేదు. అయితే ఒక్క మాట! వార్త అన్ని జిల్లాలకూ వెళ్తుంటే ఊరి పేరే ముందుండాలి. లేదంటే కర్నూలు పాఠకుడు తన ఊరి సంగతే అనుకుంటాడు!

ముందు ‘షాకింగ్’ తగిలించే అలవాటుందా? 7 గోవిందా! సంగతి మాత్రం సున్నా!

గూగుల్ సంగతి మరీ విచిత్రం! అక్కడ టైటిల్‌కు ఇన్నే అక్షరాలన్న హద్దే లేదు. తెర వెడల్పుకు ఎంత పడితే అంత చూపిస్తుంది, మిగతాది కోసేస్తుంది. అంటే లెక్కపెట్టుకుని రాసినా ఒక ఫోన్‌లో పట్టింది మరో ఫోన్‌లో తెగొచ్చు!

అందుకే డెస్కు మిత్రులారా, వార్త వదిలే ముందు హెడ్డింగులో చివరి మాటను వేలితో మూసి చదవండి. అర్థం తిరగబడిందా? వెంటనే మార్చేయండి!